పీవీ లూప్ బట్టీ పట్టకుండా గీయడం ఎలా?

"విజయవాడలో ఎంబీబీఎస్ ఫస్టియర్. పుస్తకం చూసి పీవీ లూప్, ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ గీసేస్తాను. వైవాలో 'ఆఫ్టర్‌లోడ్ పెరిగితే?' అంటే మాత్రం ఏ గీత ఎటు జరపాలో తెలియట్లేదు. మీరెలా చదివారు?"

లూప్ మొత్తాన్ని ఒక బొమ్మలా గుర్తుపెట్టుకున్నంత కాలం అది కదలదు. నాలుగు మూలలు పెట్టి, ఒక్కో మూల దగ్గర ఏ వాల్వ్ తెరుచుకుందో, ఏది మూసుకుందో పైకి చెబుతూ గీయండి.

నేను గుంటూరులో చదివాను. అరండల్‌పేట గదిలో నా రూమ్మేట్‌ది మెకానికల్ ఇంజనీరింగ్. మెడిసిన్ ముక్క తెలియని వాడికి ఈ బొమ్మ వివరించాల్సి రావడం నాకు బాగా కలిసొచ్చింది. వాడు మొదట అడిగింది, "ఇందులో టైమ్ ఎక్కడుందిరా?" అని. లేదు! అడ్డంగా వాల్యూమ్, నిలువుగా ప్రెజర్, అంతే. నిట్టనిలువు గీత అంటే "అప్పుడు ఏమీ జరగలేదు" అని కాదు, వాల్యూమ్ మారకుండా ప్రెజర్ మారిందని. ఇది తలకెక్కితే సగం తికమక పోతుంది.

ఇప్పుడు గ్రాఫ్ పేపర్ తీసుకుని ఎడమ వెంట్రికల్‌కి గీయండి. 50 మి.లీ. దగ్గర, చాలా తక్కువ ప్రెజర్‌లో మైట్రల్ తెరుచుకుంటుంది. రక్తం నిండుతూ 120 మి.లీ.కి వస్తుంది, ప్రెజర్ పెద్దగా పెరగదు. అక్కడ మైట్రల్ మూసుకుంటుంది. రెండు వాల్వులూ మూతే కాబట్టి రక్తం ఎటూ పోలేదు, గీత నిలువుగా 80 దాకా లేస్తుంది. అక్కడ అయోర్టిక్ తెరుచుకుంటుంది. రక్తం బయటికి పోతుంటే ప్రెజర్ 120 దాకా వెళ్లి, సుమారు 100 దగ్గర, 50 మి.లీ. మిగిలినప్పుడు అయోర్టిక్ మూసుకుంటుంది. మళ్లీ నిలువుగా కిందికి. స్ట్రోక్ వాల్యూమ్ 120 − 50 = 70 మి.లీ.

ఇంజిన్‌కి ఇలాంటి లూపే సవ్యదిశలో తిరుగుతుందని, ఇది అపసవ్యంగా ఉందేమిటని రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్న. ఇంజిన్‌లో గ్యాస్ పని చేస్తుంది. ఇక్కడ గుండె కండరమే రక్తం మీద పని చేస్తుంది, కంప్రెసర్ లాగా. లూప్ లోపలి వైశాల్యమే ఆ పని.

మీ ప్రశ్నకి జవాబు పై ఎడమ మూలలో, అంటే అయోర్టిక్ మూసుకునే చోట ఉంది. కాంట్రాక్టిలిటీ మారనంత వరకు ఆ మూల ఒక వాలు గీత మీదే ఉండాలి. లెక్క కోసం ఆ గీత అడ్డం అక్షాన్ని 10 మి.లీ. దగ్గర తాకుతుందనుకుని, అక్కడి నుంచి (50, 100) గుండా లాగండి. ఇప్పుడు బీపీ పెరిగింది, అంటే ఆఫ్టర్‌లోడ్ పెరిగింది. నిండటం అంతే, 120. కానీ అయోర్టిక్ తెరుచుకోవాలంటే 80 చాలదు, 110 దాకా లేవాలి. చివరి మూల 140 ప్రెజర్ దగ్గర పడిందనుకోండి, వాలు గీత మీద అది 66 మి.లీ. అంటే బయటికి పోయింది 54 మాత్రమే. లూప్ పొడుగై, సన్నబడింది. ప్రీలోడ్ ఒక్కటే పెరిగితే కుడి గోడ 140 మి.లీ.కి జరుగుతుంది, పై ఎడమ మూల కదలదు, 90 మి.లీ. పోతుంది. కాంట్రాక్టిలిటీ పెరిగితే వాలు గీతే నిటారు అవుతుంది. నిజమైన మనిషిలో ఇవి విడివిడిగా మారవు. ప్రీలోడ్ పెరిగితే బీపీ కూడా కాస్త లేస్తుంది. కాగితం మీద మాత్రం ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

అర్థమైందో లేదో తేల్చుకోవడానికి పుస్తకం మూసి మైట్రల్ రిగర్జిటేషన్ గీయండి. నిలువు గోడలు రెండూ నిలువుగానే గీశారంటే ఇంకా బట్టీలోనే ఉన్నట్టు. మైట్రల్ సరిగా మూసుకోదు, వెంట్రికల్ బిగుసుకోగానే రక్తం ఏట్రియంలోకి కారుతుంది, కాబట్టి కుడి గోడ ఎడమకి వాలాలి. ఎవరికైనా "ఎందుకు వాలింది" అని చెప్పలేకపోతే మళ్లీ మూలల దగ్గరికి వెళ్లండి.

డిసోసియేషన్ కర్వ్‌కీ ఇదే పద్ధతి. ఆక్సిజన్ ప్రెజర్ 100 దగ్గర హిమోగ్లోబిన్ సుమారు 97 శాతం నిండి ఉంటుంది, 40 దగ్గర 75, 27 దగ్గర 50. ఈ మూడు చుక్కలు పెట్టాకే కర్వ్ కలపండి. తర్వాత దాన్ని కుడికి జరిపి, 100 దగ్గర ఎంత తగ్గిందో, 40 దగ్గర ఎంత తగ్గిందో స్కేలుతో కొలిచి చూడండి. పైన దాదాపు ఏమీ తగ్గదు, కింద బాగా తగ్గుతుంది. పరిగెత్తేటప్పుడు ఊపిరితిత్తుల్లో దాదాపు అంతే నింపుకుని కండరంలో ఎక్కువ వదలడం ఎలా కుదురుతుందో ఆ రెండు కొలతల్లోనే కనిపిస్తుంది.