పాశమైలారం ఇంటర్వ్యూకి కారులో వెళ్తున్నావు కదా

రమ్యా,

ఇంటర్వ్యూ పాశమైలారం పారిశ్రామికవాడలో అని, ఆ కంపెనీ వైపు బస్సు రాదు కాబట్టి కారు నువ్వే నడుపుకుంటూ వెళ్తానన్నావని మీ నాన్న చెప్పాడు. మియాపూర్ నుంచి ఇస్నాపూర్ చౌరస్తా దాకా భయం లేదు, పటాన్‌చెరు, ముత్తంగి దాటుకుంటూ ముంబై హైవే మీద నేరుగా పోవడమే. అక్కడ ఎడమకి తిరిగి లోపలికి వెళ్ళాకే అసలు తిప్పలు.

కాల్ లెటర్‌లో ప్లాట్ నంబరు, ఫేజ్ ఉంటాయి చూడు. ముందు ఫేజ్ ఏదో గుర్తుపెట్టుకో. ప్లాట్ నంబర్లు మన వీధిలో ఇంటి నంబర్లలా వరసగా దొరుకుతాయని అనుకోకు, చాలా గోడల మీద అసలు నంబరే రాయరు. మ్యాప్‌లో కంపెనీ పేరు కొడితే ఒక్కోసారి సిటీలో ఉన్న ఆఫీసు చూపిస్తుంది, లేదంటే అదే కంపెనీది ఇంకో యూనిట్, అదీ కాదంటే లారీలు లోడు దించే వెనక గేటు. అందుకని ఈరోజే హెచ్ఆర్‌కి ఫోన్ చేసి, విజిటర్లు వచ్చే గేటు లొకేషన్ వాట్సాప్‌లో పంపమను. పక్కన ఏ కంపెనీ ఉందో, ఇంతకుముందు ఈ కంపెనీకి వేరే పేరేమైనా ఉండేదా అని కూడా అడుగు. ఫ్యాక్టరీ చేతులు మారి ఏళ్ళయినా అక్కడివాళ్ళు పాత పేరుతోనే పిలుస్తుంటారు, నువ్వు కొత్త పేరు చెప్తే బుర్ర గోక్కుంటారు.

దారి అడగాల్సి వస్తే వేబ్రిడ్జి దగ్గరో టీకొట్టు దగ్గరో అడుగు. బయటి ఊరి నుంచి వచ్చిన లారీ డ్రైవర్‌ని అడిగి లాభం లేదు, అతనూ నీలాగే వెతుక్కుంటుంటాడు.

ముందే ఒకసారి చూసి రావాలనుకుంటే ఆదివారం మాత్రం వెళ్ళకు. రోడ్లు ఖాళీగా ఉంటాయి, టీకొట్లు చాలావరకు మూసి ఉంటాయి, అది చూసి టైమ్ లెక్కేసుకుంటే దెబ్బతింటావు. పనిరోజు, అదే వేళకు వెళ్ళు. ఉదయం జనరల్ షిఫ్టు కంపెనీ బస్సులన్నీ ఆ చౌరస్తాలోనే తిరగాలి, వాటికి తోడు లారీలు. ఇంటర్వ్యూ 10 గంటలకైతే 7:30కల్లా బయల్దేరి 9 లోపు ఇస్నాపూర్ దాటేలా చూసుకో, 9:30కి గేటు ముందుంటావు. పెట్రోలు హైవే మీదే కొట్టించు, మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకో.

గేటు దగ్గర కూడా టైమ్ పడుతుంది. రిజిస్టర్‌లో రాయాలి, ఆధార్ చూపించాలి, సెక్యూరిటీ లోపలికి ఫోన్ చేసి అడిగాక పాస్ ఇస్తాడు. విజిటర్ల కారు చాలా చోట్ల లోపలికి రానివ్వరు, బయట పెట్టేటప్పుడు లారీలు తిరిగే మలుపులో మాత్రం పెట్టకు. కొన్ని ఫార్మా కంపెనీల్లో ఫోన్ కూడా గేటు దగ్గరే తీసుకుంటారు, కాబట్టి కాల్ లెటర్, సర్టిఫికెట్లు కాగితం మీదే పట్టుకెళ్ళు, హెచ్ఆర్ నంబరు కూడా ఆ కాల్ లెటర్ వెనకే రాసుకో.

మీ బాబాయి