రేంజ్ తక్కువ, రోల్ నచ్చింది: రిక్రూటర్‌కు ఏం రాయాలి?

“నేను అనుకున్న జీతం, రిక్రూటర్ చెప్పిన రేంజ్‌లో పై అంకెకన్నా 15 శాతం ఎక్కువ. కానీ పని చాలా నచ్చింది. ఏమని జవాబివ్వాలి?”

ఇప్పుడే అంకెతో సహా చెప్పేయండి. నేను ఒకసారి చివరి రౌండ్ దాకా ఆగాను. “రేంజ్ ముందే చెప్పాం కదా” అన్నారు, నా దగ్గర జవాబు లేదు.

“ఏమైనా పెంచగలరా?” అని అడిగితే “లేదు” అనడం వాళ్లకు తేలిక. రేంజ్ సాధారణంగా లెవెల్‌ను బట్టి ఉంటుంది, దాన్ని రిక్రూటర్ ఒక్కరే మార్చలేరు. అందుకే లెవెల్ గురించి అడగండి. ఇలా రాయొచ్చు:

“టీమ్‌ను మొదటి నుంచి కట్టే ఈ పని నాకు నిజంగా నచ్చింది. నేను చూస్తున్న ఫిక్స్‌డ్ జీతం ఇంత. మీరు చెప్పిన రేంజ్ ఫిక్స్‌డ్ మాత్రమేనా, బోనస్ కూడా కలిపా? నా అనుభవాన్ని బట్టి పై లెవెల్‌కు పరిశీలించే వీలుందేమో మేనేజర్‌ను అడిగి చెప్పగలరా?”

“ఇంత” ఉన్న చోట మీ అంకె రాయండి.

అడిగి చెబుతామంటే ముందుకెళ్లండి. జాయినింగ్ బోనస్‌తో సరిపెడతామంటే మాత్రం ఆలోచించండి. అది సాధారణంగా ఒక్కసారే వస్తుంది, తర్వాతి ఇంక్రిమెంట్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ మీదే లెక్కిస్తారు. బడ్జెట్ ఇంతే అని తేల్చేస్తే, ఇంతకన్నా తక్కువకు చేరనని ముందే రాసి పెట్టుకున్న అంకెతో పోల్చి చూసుకోండి.