నెక్స్ట్ ఫ్రైడే అంటే ఏ శుక్రవారం?

ప్రశ్న: న్యూయార్క్ క్లయింట్ మంగళవారం (నవంబర్ 11) మెయిల్ పెట్టాడు, నెక్స్ట్ ఫ్రైడే కాల్ పెట్టుకుందామా అని. 14నా, 21నా? మళ్ళీ అడిగితే ఇంగ్లీష్ రాదనుకుంటాడేమో అని భయం. ఏం రాయాలి?

జవాబు: ఏం అనుకోడండి, ఇది వాళ్ళలో వాళ్ళకే తేలని విషయం. కొందరికి నెక్స్ట్ అంటే ముందు వచ్చే శుక్రవారమే, ఇంకొందరికేమో ఈ వారంది దిస్ ఫ్రైడే, పై వారంది నెక్స్ట్ ఫ్రైడే. మంగళవారం రాశాడు కాబట్టి నేనైతే 21 అనే అనుకుంటా, ఎందుకంటే మూడు రోజుల్లో ఉన్నదానికి మామూలుగా ఉత్త ఫ్రైడే అనేస్తారు, అయినా దాన్ని నమ్ముకుని కాల్ బ్లాక్ చేయొద్దు.

ఏ ఫ్రైడే అని మాత్రం అడక్కండి, "ద నెక్స్ట్ వన్" అని జవాబొస్తే మళ్ళీ మొదటికే వస్తాం. డేట్ మీరే వేసేసి ఒప్పేసుకోండి: "ఫ్రైడే, నవంబర్ 21 వర్క్స్ ఫర్ మీ. 10 ఏఎం ఈస్టర్న్, 8:30 పీఎం ఇండియా టైమ్ ఓకేనా?" ఇలా ఇంగ్లీష్‌లో ఒక్క లైన్ చాలు, వాడి మనసులో 14 ఉంటే వెంటనే సరిచేస్తాడు. వారం పేరు, తేదీ రెండూ ఉండాలి, ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది. ఇంకోటి, ఈ 8:30 నవంబర్ లెక్క, మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అప్పుడు అదే 10 మనకి 7:30 అయిపోతుంది.

ఆ టైమ్ కుదరకపోతే "ఎనీ టైమ్ ఈజ్ ఫైన్" అనకండి, బంతి మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్తుంది, మెయిల్స్ పెరుగుతాయి. "20 గురువారం గానీ 21 శుక్రవారం గానీ, మీ టైమ్ 9 నుంచి 11 మధ్య" అని రెండు ఆప్షన్స్ ఇవ్వండి, వాళ్ళు ఒకటి ఎంచుకుంటారు. వాళ్ళ రిప్లై కూడా జాగ్రత్తగా చదవండి, "దట్ వర్క్స్" అంటే ఒప్పుకున్నట్టే, "షుడ్ వర్క్", "పెన్సిల్ మీ ఇన్" అంటే ఇంకా ఖాయం కాలేదు, ఇన్వైట్ పంపి యాక్సెప్ట్ కొట్టేదాకా వేరే ఏర్పాట్లు చేసుకోవద్దు.

"ఎండ్ ఆఫ్ ద వీక్ లోపు పంపండి" అన్నా ఇదే తంటా. మా టీమ్‌లో శనివారం కూడా పనిచేసేవాళ్ళు దాన్ని శనివారం సాయంత్రం అనుకునేవాళ్ళు, న్యూయార్క్‌లో మాత్రం శుక్రవారం సాయంత్రం 5, అంటే నవంబర్‌లో మనకి శనివారం తెల్లవారుజామున 3:30. సౌదీ క్లయింట్ అయితే అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి గురువారానికే వారం అయిపోతుంది. అందుకే నేను ఆ మాట వినగానే "శుక్రవారం 21, మీ టైమ్ మధ్యాహ్నం 3 లోపు పంపిస్తా, సరిపోతుందా" అని తిరిగి రాస్తా.