ఆదాయ సర్టిఫికెట్ ఆలస్యమైనప్పుడు స్కాలర్‌షిప్ ఆఫీసుకు ఎలా రాయాలి

మానసా,

స్కాలర్‌షిప్ ట్రస్టుకు ఇద్దామని రాసి నువ్వు నాకు పంపిన ఉత్తరం చదివాను. ఒకటిన్నర పేజీలో ఇంటి పరిస్థితి, నాన్న ఆటో, అమ్మ కుట్టు పని, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం అన్నీ రాశావు. నీ దరఖాస్తు నంబరు మాత్రం ఎక్కడా లేదు. ఏ తేదీ వరకు గడువు కావాలో కూడా లేదు. ఇలాంటి ఉత్తరాలు కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ నా టేబుల్ మీదికి వస్తూనే ఉండేవి. చదివితే జాలి వేస్తుంది కానీ ఫైల్లో ఏమని నోట్ పెట్టాలో తెలియదు. ఆ నోట్ రాసే క్లర్కుకు పని సులువైతేనే పై ఆఫీసరు సంతకం పడుతుంది.

ముందు ఒక మాట. నువ్వు అడుగుతున్నది ట్రస్టు స్కాలర్‌షిప్ కాబట్టి ఈ ఉత్తరానికి అర్థం ఉంది. అదే ప్రభుత్వ ఈపాస్ అయితే, మీసేవ ఇచ్చిన ఆదాయ సర్టిఫికెట్ నంబరు కొట్టందే దరఖాస్తు ముందుకు కదలదు. ఒక్కరి కోసం సైటు తెరిచే అధికారం కాలేజీలో ఎవరికీ ఉండదు. గడువు పెంచితే ప్రభుత్వం అందరికీ కలిపి పెంచుతుంది. అక్కడ ఉత్తరాలు రాస్తూ కూర్చోకుండా తహసీల్దార్ ఆఫీసులో ఫైలు కదిలించుకోవాలి. ట్రస్టులు, యూనివర్సిటీలు ఇచ్చేవాటిలో అయితే కమిటీయో కార్యదర్శో ఒక్క దరఖాస్తును ఆపి ఉంచగలరు.

ఇక నీ సంగతి. ఆగస్టు 28న మీసేవలో పెట్టావు. రేషన్ కార్డులో నాన్న పేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉందని సెప్టెంబర్ 8న తిప్పి పంపారు. 11న మళ్లీ పెట్టావు. ఇప్పుడది గిర్దావర్ విచారణలో ఉంది. ట్రస్టు గడువు 30. నీ ఉత్తరంలో మొదటి దరఖాస్తు ఊసే ఎత్తలేదు, బహుశా తప్పు మనదేనని అనుకుంటారని. కానీ అదే నీకు పనికొచ్చే కాగితం. 11వ తేదీ రసీదు ఒక్కటే చూపిస్తే, నెలాఖరు గడువు పెట్టుకుని ఇంత ఆలస్యంగా మేల్కొందేమిటి అనుకుంటారు. 28వ తేదీ రసీదు కూడా జత చేస్తే, టైముకే మొదలుపెట్టావని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రెండు రసీదులూ పెట్టు. మీసేవ సైటులో నీ దరఖాస్తు ఎక్కడుందో చూపించే పేజీ కూడా ప్రింటు తీసి పెట్టు, దాని మీద ఆ రోజు తేదీ కనిపించాలి.

తహసీల్దార్ ఆఫీసు వాళ్ల నిర్లక్ష్యం అని రాసిన వాక్యం కొట్టెయ్. నిజమే కావచ్చు. కానీ ట్రస్టు వాళ్లు దాని గురించి చేయగలిగింది ఏమీ లేదు, పైగా ఉత్తరం ఫిర్యాదులా మారిపోతుంది. "గిర్దావర్ విచారణలో ఉంది" అంటే చాలు. నాన్నకు జీతం కాగితం లేదు కనుక విచారణ తప్పదని వాళ్లకూ తెలుసు.

గడువు "కొంత సమయం" అని అడగకు. తేదీ చెప్పు. మీసేవలో ప్రతి సేవకూ ఇన్ని రోజుల్లో ఇవ్వాలని లెక్క ఉంటుంది, సెంటర్‌లో అడిగితే చెబుతారు. ఆ రోజులకు పండగ సెలవులు కలుపుకో. దసరా ముందుంది కాబట్టి అక్టోబర్ 15 అని అడుగు. మరీ దగ్గరి తేదీ అడిగి, అది దాటాక రెండో ఉత్తరం రాస్తే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

ఇంకో సంగతి, నువ్వు అడగాల్సింది దరఖాస్తు గడువు పొడిగించమని కాదు. దరఖాస్తు 30లోపే ఇచ్చెయ్, మార్కుల మెమోలు, బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ పెట్టి. ఆ ఒక్క సర్టిఫికెట్ మాత్రం తర్వాత తీసుకోమని అడుగు. మొత్తం గడువు మార్చడం వాళ్లకు తలనొప్పి, ఒక కాగితం పెండింగ్ అని రాసుకోవడం మామూలు పని.

ఇలా రాయి:

"గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

విషయం: దరఖాస్తు నం. ______ – ఆదాయ సర్టిఫికెట్‌ను అక్టోబర్ 15 వరకు సమర్పించేందుకు అనుమతి కోరుతూ.

అయ్యా,

నేను బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ స్కాలర్‌షిప్ దరఖాస్తును ఆదాయ సర్టిఫికెట్ మినహా మిగిలిన అన్ని పత్రాలతో ఈ రోజు సమర్పిస్తున్నాను. ఆదాయ సర్టిఫికెట్ కోసం ఆగస్టు 28న మీసేవలో దరఖాస్తు చేశాను. రేషన్ కార్డులో, ఆధార్‌లో నా తండ్రి పేరు వేర్వేరుగా ఉన్నందున అది సెప్టెంబర్ 8న తిరిగి వచ్చింది. సవరించి సెప్టెంబర్ 11న మళ్లీ దరఖాస్తు చేశాను (నం. ______). ప్రస్తుతం గిర్దావర్ విచారణలో ఉంది.

నా దరఖాస్తును పరిశీలనకు స్వీకరించి, సర్టిఫికెట్‌ను అక్టోబర్ 15 లోపు సమర్పించేందుకు అనుమతించగలరని కోరుతున్నాను. అప్పటికీ ఇవ్వలేకపోతే మీ నిబంధనల ప్రకారం తీసుకునే నిర్ణయానికి కట్టుబడి ఉంటాను.

జత: మీసేవ రసీదులు 2, దరఖాస్తు స్థితి ప్రింటు, రేషన్ కార్డు నకలు."

చివర నీ పేరు, కాలేజీ, ఫోన్ నంబరు, తేదీ. అంతే. వాళ్ల ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఉత్తరం కూడా ఇంగ్లీషులోనే పంపు, కానీ ఇంతకంటే పెంచకు.

"అప్పటికీ ఇవ్వలేకపోతే" అన్న వాక్యం చూసి నువ్వు భయపడతావని తెలుసు. అది తీసెయ్యకు. రేపు సర్టిఫికెట్ రాకపోతే మన మీద పడుతుందేమో అని ఆఫీసరు వెనకాడేది అక్కడే. ఆ బాధ్యత నువ్వు తీసుకుంటే ఆయనకు ఇబ్బంది ఉండదు.

ఉత్తరంలో ఆదాయం అంకె ఎక్కడా పెట్టలేదు, గమనించావా? కావాలనే వదిలేశాను. నువ్వు లక్షా ఇరవై అని రాసి, గిర్దావర్ అమ్మ కుట్టు పని కూడా కలిపి లక్షన్నర అని రాస్తే, తేడా ఎందుకొచ్చిందని మళ్లీ ఒక ఉత్తరం రాయాలి. ఫారంలో ఆదాయం గడి నింపక తప్పదు కాబట్టి, మీసేవ దరఖాస్తులో రాసిన అంకెనే అక్కడా రాయి.

ఆన్‌లైన్ ఫారంలో ఆదాయ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయకపోతే సబ్మిట్ కావడం లేదన్నావు. నిరుటి సర్టిఫికెట్ పెట్టి గట్టెక్కుదామని మాత్రం అనుకోకు. పాతది అని తేలితే ఉత్తరంలో రాసిన నిజాలు కూడా నమ్మరు. ట్రస్టు ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ గడిలో ఈ ఉత్తరం, రసీదులు ఒకే పీడీఎఫ్‌గా పెట్టొచ్చా అని అడుగు. సరే అంటే, ఎవరు చెప్పారో పేరు రాసుకుని, ఆ రోజే అదే విషయం మెయిల్‌లో కూడా పంపు. ఫోన్‌లో అన్న మాటకు ఫైల్లో చోటుండదు.

సర్టిఫికెట్ చేతికి రాగానే కొత్త మెయిల్ మొదలుపెట్టకు. వాళ్ల జవాబు ఉన్న పాత మెయిల్ కిందే పంపు, దరఖాస్తు నంబరు మళ్లీ రాయి. అందినట్టు జవాబు వచ్చేదాకా వదలకు.

రెండో దరఖాస్తులో నాన్న పేరు ఆధార్ ప్రకారమే వేశారో లేదో నాకింకా అనుమానంగా ఉంది. మీసేవ రసీదు, ఆధార్ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి ఈ రాత్రికే నాకు వాట్సాప్ చెయ్.

పెదనాన్న