వాషరు వేళ్లతో ఊడొస్తే ఆ ప్లగ్గు బిగించకు

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త స్పార్క్ ప్లగ్గు వేసినా బండి మిస్సింగ్ పోలేదని, కార్బొరేటర్ విప్పానని ఫోన్లో అన్నావు. ముందు ఆ కొత్త ప్లగ్గే నకిలీదేమోనని అనుమానించాల్సిందిరా. ఆటోనగర్‌లో నాకూ ఈ దెబ్బ తగిలింది. బిల్లు లేకుండా రేటు తగ్గించి ఇస్తున్నారని ఒక పెట్టె కొన్నాను. మూడోరోజుకే ఒక బండి తిరిగొచ్చింది.

ఆ ప్లగ్గు పక్కన ఒరిజినల్ పెట్టి చూశా. ఒరిజినల్‌కి వాషరు మర మీద తిరుగుతుంది గానీ వేళ్లతో లాగితే ఊడిరాదు. నాది తిప్పుతుంటే అరచేతిలోకొచ్చి పడింది. వాషరు లేకుండా ఏటవాలు సీటుతో వచ్చే ప్లగ్గులూ ఉన్నాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. తర్వాత కొన చూశా. మధ్య ఎలక్ట్రోడ్ కొస చదునుగా, అంచు పదునుగా ఉండాలి. వంగిన ముక్క సరిగ్గా దాని నడినెత్తిన నిలవాలి. నాదాంట్లో అది పక్కకి జరిగి, వెల్డింగ్ దగ్గర ముద్దగా ఉంది. అలా ఉంటే గ్యాప్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. ఫీలర్ గేజ్‌తో సరిచేసినా మంట నిలకడగా రాదు.

ఇరీడియం అని అమ్మేవాటి దగ్గర ఇంకా జాగ్రత్త. అసలుదాని మధ్య కొస సన్న తీగలా ఉంటుంది. లావు కొసకి మెరుగు పెట్టినట్టుంటే తిరిగిచ్చెయ్.

ప్లగ్గు నంబరులో R ఉంటే మల్టీమీటర్ తియ్. పైకొస నుంచి మధ్య ఎలక్ట్రోడ్‌కి సుమారు 5 కిలో ఓములు చూపాలి, కొంచెం అటూ ఇటూ పర్లేదు. నాది సున్నా చూపింది. లోపల రెసిస్టరే పెట్టలేదు!

అట్టపెట్టెని మాత్రం పూర్తిగా నమ్మకు, హోలోగ్రామూ అచ్చేస్తున్నారు. అక్షరాల అంచులు అలుక్కుపోయాయా, పెట్టె మీది నంబరూ పింగాణీ మీది నంబరూ ఒకటేనా అని చూసుకో, చాలు.

ఎయిర్ ఫిల్టర్ కొన్నా ఇలాగే చూసుకో. దానికి కాగితం మడతల కన్నా అంచు రబ్బరే ముఖ్యం. వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ లేవాలి. అంచుకి పల్చగా గ్రీజు రాసి బండిలోని ఫిల్టర్ పెట్టెలో బిగించి, మళ్లీ విప్పు. మూత అంచు మీద గ్రీజు చుట్టూ తెగకుండా అంటాలి. ఎక్కడ తెగితే అక్కడినుంచి దుమ్ము నేరుగా ఇంజన్లోకి పోతుంది. మడతలు ఎంత అందంగా ఉన్నా దండగే. చూశాక గ్రీజు తుడిచెయ్యడం మర్చిపోకు.

నువ్వు ఫోన్లో చెప్పిన బండి ప్లగ్గు పారెయ్యకు, వాషరుతో సహా దాచు. ఆదివారం గుంటూరు వస్తున్నా, మీటరు నేనే తెస్తా.

మీ మామయ్య