ప్యాచ్ రిపోర్టులో అంతా గ్రీనే ఉంటే ఆడిటర్ ఏం చూడాలి?

ప్రశ్న: బీకాం అయ్యాక ఒక చిన్న కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్ ట్రైనీగా చేరాను మేడమ్. ప్యాచింగ్, ఫిషింగ్ అవగాహన, ఇన్సిడెంట్ రెస్పాన్స్ ఈ మూడూ ఆడిట్ చేయమన్నారు. నాకు కోడింగ్ రాదు. ఐటీ వాళ్లిచ్చిన ప్యాచ్ రిపోర్టులో 100 శాతం గ్రీన్ ఉంది. ఇంక నేను చూసేదేముంటుంది? ముందుముందు ఐటీ ఆడిట్‌లోకి వెళ్లగలనా?

జవాబు: ఆ వంద శాతం దేంట్లో వంద శాతమో ముందు అడగండి. లోపాలను సరిచేసే అప్‌డేట్లను, అంటే ప్యాచ్‌లను, వేసే సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన మెషిన్లనే లెక్కపెడుతుంది. దానికి సమాచారం పంపే ఏజెంట్ ప్రోగ్రాం వేయని ల్యాప్‌టాప్ దాని లిస్టులోకే రాదు, కాబట్టి రెడ్‌గా కనిపించే అవకాశమే లేదు. దీన్ని పట్టుకోవడానికి కోడింగ్ అక్కర్లేదు, స్టాక్ రిజిస్టర్‌ను బిల్లులతో సరిచూడటం మీకు వచ్చు కదా, అది చాలు.

ఒక లెక్క చూద్దాం. ప్యాచ్ రిపోర్టులో 52 ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. అకౌంట్స్‌లో కొనుగోలు బిల్లుల ప్రకారం 66 ఉండాలి. తేడా 14. ఐటీ వాళ్లు అయిదు బీరువాలో ఉన్నాయంటే, బీరువా తెరిపించి సీరియల్ నంబర్లు రాసుకోండి. మూడు స్క్రాప్‌కు పోయాయంటే ఆ కాగితం అడగండి. మిగిలిన ఆరూ ఎవరో ఒకరు రోజూ వాడుతున్నవే. అంటే వాడకంలో ఉన్నవి 58, ప్యాచ్ అయినట్టు ఆధారం ఉన్నవి 52. వంద శాతం కాస్తా దాదాపు 90 అయింది. ఆ ఆరింట్లో ఒకటి బ్యాంకు చెల్లింపులు చేసే ల్యాప్‌టాప్ అయితే, మీ రిపోర్టులో మొదటి పాయింట్ అదే.

తర్వాత ఆ 52లో కొన్నిటిని మీరే ఎంచుకోండి, ఐటీ వాళ్లు చూపించినవి కాదు. విండోస్ మెషిన్ అయితే పవర్‌షెల్‌లో ఈ రెండు కమాండ్లతో మొదలుపెట్టొచ్చు:

```
Get-HotFix | Sort-Object InstalledOn
(Get-CimInstance Win32_OperatingSystem).LastBootUpTime
```

వీటిని మీరు టైప్ చేయొద్దు. ఐటీ మనిషి చేత రన్ చేయించి, పక్కన కూర్చుని చూసి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. రెండోది మెషిన్ చివరిసారి ఎప్పుడు స్టార్ట్ అయిందో చెబుతుంది. నెల క్రితం తేదీ వస్తే అనుమానించండి: అప్‌డేట్ దిగి, రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. అలాంటిది పూర్తయినట్టు కాదు. మొదటి కమాండ్ విండోస్ అప్‌డేట్లు ఎప్పుడు పడ్డాయో చూపిస్తుంది, కానీ అన్ని అప్‌డేట్లనూ చూపించదు. బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్ లాంటివాటి వెర్షన్లు విడిగా చూడాల్సిందే.

ప్యాచ్ విడుదలైన రోజు నుంచి మెషిన్‌లో పడిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందో కూడా లెక్కేయండి. కంప్యూటర్లలో ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగిన వానాక్రై దాడి 2017 మే 12న మొదలైంది, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చి 14నే ఇచ్చింది. ఎన్ని రోజుల్లో వేయాలో కంపెనీ ఎక్కడా రాసుకోకపోతే, మీ సొంత గడువు పెట్టి తప్పు పట్టకండి. గడువే లేదన్నది పాయింట్‌గా రాయండి.

ఫిషింగ్ దగ్గర చాలామంది ట్రైనింగ్ హాజరు పట్టీ చూసి టిక్ పెట్టేస్తారు. నా ఉద్దేశంలో దానివల్ల తెలిసేది తక్కువ. ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్ పంపిన రికార్డు ఉంటే అడగండి. ఎంతమంది క్లిక్ చేశారన్నది మెయిల్ ఎంత తెలివిగా రాశారన్నదాన్ని బట్టి మారిపోతుంది. అందుకని మొదటి క్లిక్ ఎప్పుడు, మొదటి ఫిర్యాదు ఎప్పుడు అన్నది చూడండి. మొదటి క్లిక్ ఆరు నిమిషాలకే పడి, ఐటీకి మొదటి ఫిర్యాదు మూడు గంటలకు వస్తే, ఆ మధ్య కాలమంతా దొంగకు తలుపు తీసి ఉన్నట్టే. క్లిక్ చేసినవాళ్ల పేర్లు మాత్రం రిపోర్టులో పెట్టొద్దు. పెడితే, ఈసారి నిజంగా మోసపోయినవాళ్లు టెన్షన్‌తో నోరు విప్పరు.

ఇన్సిడెంట్ రెస్పాన్స్ ఇక్కడి నుంచే మొదలవుతుంది. సెలవురోజు రాత్రి సర్వర్‌లో ఫైళ్లన్నీ లాక్ అయ్యాయనుకుని సంబంధిత మనుషులను ఓ గంట కూర్చోబెట్టండి. ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ నంబర్ ఎక్కడుంది? ప్లాన్ డాక్యుమెంట్ అదే సర్వర్‌లో ఉందన్న జవాబు వింటారు, సిద్ధంగా ఉండండి. సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి తీసేయమని చెప్పే అధికారం ఎవరిదో కూడా తేల్చండి. బ్యాకప్ ఉందంటే, దాన్నుంచి ఒక ఫైలు తిరిగి తెప్పించి చూపమనండి.

ఇక కెరీర్ సంగతి. ఐటీ ఆడిట్‌కు బీకాం అడ్డం కాదు. ఐసాకా సంస్థ ఇచ్చే సీఐఎస్ఏ పరీక్షను అనుభవం రాకముందే రాయొచ్చు, సర్టిఫికెట్ చేతికి రావడానికి మాత్రం అయిదేళ్ల అనుభవం కావాలి, చదువును బట్టి కొంత మినహాయింపు ఉంటుంది. ఈ ఏడాది పరీక్ష ఫీజు కట్టే తొందర వద్దు. ముందు నెట్‌వర్కింగ్, విండోస్ అడ్మినిస్ట్రేషన్ బేసిక్స్ నేర్చుకోండి, ఐటీ మనిషి చెప్పేది అప్పుడు మీకే అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో కంపెనీ పేరు, వివరాలు బయటపెట్టకుండా, రిపోర్టులో లేని ల్యాప్‌టాప్‌లను ఏ రెండు లిస్టులు పోల్చి పట్టుకున్నారో చెప్పండి.