టీకా ఖరీదు వేరు, కుక్కకు టీకా వేసే ఖరీదు వేరు

చెల్లీ,

నువ్వు పంపిన విరాళాల విజ్ఞప్తి చదివాను. షెల్టర్ వాళ్లు నాచారం, మల్లాపూర్ వైపు మూడు కాలనీల్లో వీధికుక్కలకు రేబిస్ టీకాలు వేద్దామనుకుంటున్నారు, రాసే పని నీకు అప్పగించారు. నీ భాష బాగుంది, చదివించే గుణం ఉంది. కానీ పైన పెద్ద అక్షరాల్లో పెట్టావు చూడు, "కేవలం 50 రూపాయలతో ఒక కుక్కకు టీకా" అని, అక్కడే ఆగిపోయాను. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం గురించే.

ఆ యాభై ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉంది. షెల్టర్ వాళ్ల కొటేషన్‌లో పది డోసుల వయల్ 450 రూపాయలని ఉంది. పదితో భాగిస్తే 45, దాన్ని యాభై చేశావు. లెక్క తప్పు కాదు. కాకపోతే అది మందు ఖరీదు. మందు దానంతట అది వెళ్లి కుక్క ఒంట్లోకి ఎక్కదు. తెల్లారకముందే వల పట్టుకుని సందుల్లోకి వెళ్లే మనుషులు కావాలి, వ్యాన్ కావాలి, డాక్టరు కావాలి, మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండేలా ఐస్ ప్యాకుల పెట్టె కావాలి. ఇవేవీ నీ యాభైలో లేవు. యాభై ఇచ్చినాయన నిజంగానే ఒక కుక్కకు టీకా వేయించానని నమ్ముతాడు. మిగతా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు తెలియదు, షెల్టర్‌కూ తెలియదు. ఇలాంటి డ్రైవ్‌లు సగంలో ఆగేది ఎక్కువగా ఇక్కడే. వయల్స్ ఫ్రిజ్‌లో ఉంటాయి, పట్టేవాళ్ల కూలికి డబ్బుండదు.

నువ్వు పంపిన కాగితాల్లోని అంకెలతోనే లెక్క మళ్లీ వేద్దాం. మూడు కాలనీల్లో కలిపి దాదాపు 300 కుక్కలు ఉన్నాయని వాలంటీర్లు లెక్కపెట్టారు. అందులో 70 శాతం అంటే 210. ఈ 70 మన ఊహ కాదు. ఒక ప్రాంతంలో కనీసం ఇన్ని కుక్కలకు రక్షణ ఉంటే రేబిస్ ఒకదాని నుంచి ఇంకోదానికి పాకే గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టీము రోజుకు 30 కుక్కల్ని పట్టగలదంటున్నారు కాబట్టి ఏడు రోజుల పని. పట్టేవాళ్లు ముగ్గురు, రోజుకు తలా 900 చొప్పున 18,900. వ్యాన్, డ్రైవరు, డీజిల్ కలిపి 17,500. డాక్టరుకు 14,000. సిరంజిలు, ఐస్ ప్యాకులు, టీకా వేసిన కుక్కకు పూసే రంగు, ఇలాంటివన్నీ 6,000. వయల్స్ 21 సరిపోతాయనుకోకు, 24 రాసుకో. తెరిచిన వయల్ మర్నాటికి దాచకూడదు. ముప్ఫై ఒకటో కుక్క దొరికితే నాలుగో వయల్ తెరవాల్సిందే, అందులో మిగిలింది పారబోయాల్సిందే. అంటే మందుకు 10,800.

నీ కాగితాల్లో లేని ఖర్చు ఒకటుంది. కుక్కల్ని పట్టే ఆ ముగ్గురికి ముందుగానే రేబిస్ టీకా కోర్సు పూర్తయి ఉండాలి. అది ఒక్క రోజులో అయ్యేది కాదు, మూడు నాలుగు వారాలు పడుతుంది. కోర్సు కాని మనిషిని వల ఇచ్చి పంపకూడదు. షెల్టర్ వాళ్లను గట్టిగా అడుగు. వేయించకపోతే ఇంకో 3,600 దాకా వేసుకో, ఈ డబ్బు అన్నిటికన్నా ముందు కావాలి.

మొత్తం 70,800. ఆన్‌లైన్‌లో వచ్చే విరాళాల్లో పేమెంట్ గేట్‌వే వాళ్లు రెండు శాతం పైచిలుకు పట్టుకుంటారు. అదీ కలిపితే కుక్కకు 345 రూపాయల దగ్గర తేలుతుంది. 350 అని రాయి. 210 కుక్కలకు 73,500. మిగిలే దాదాపు వెయ్యి రూపాయలు ఏం చేస్తారో కూడా అక్కడే చెప్పు.

యాభై అన్నచోట 350 అంటే ఎవరిస్తారని నీకు టెన్షన్ పట్టుకుంటుంది. ఇస్తారు. ఈ ఊళ్లో ఇద్దరు హోటల్లో బిర్యానీ తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. జనం వెనకాడేది ఆ మొత్తానికి కాదు, డబ్బు ఎటు పోతుందో తెలియకపోవడానికి. మందు ఖర్చు ఇంత, మనుషుల ఖర్చు ఇంత అని విడదీసి చెప్పినప్పుడు, మనుషుల ఖర్చే ఎక్కువని దాచకుండా చెప్పినప్పుడు, అడిగేవాళ్లు లెక్క తెలిసినవాళ్లని అర్థమవుతుంది.

ఇక ఫలితం గురించి. "మీ విరాళంతో మన కాలనీ రేబిస్ రహితం" అని రాశావు. ఈ మాట తీసెయ్. ఒక్కసారి టీకాలు వేసినంత మాత్రాన ఏ కాలనీ అలా అయిపోదు. పక్క బస్తీ నుంచి కొత్త కుక్కలు వస్తాయి, ఆర్నెల్లలో కొత్త పిల్లలు పుడతాయి, ఏడాదికి బూస్టర్ పడాలి. ఇప్పటికే రేబిస్ సోకిన కుక్కకు ఈ టీకా చికిత్స కూడా కాదు. "మీ పిల్లలు ఇక నిర్భయంగా ఆడుకోవచ్చు" అన్న వాక్యం ఇంకా ప్రమాదం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తర్వాత ఈ నగరంలో కుక్కల గురించి రాసే ఏ కాగితాన్నైనా భయపడే తల్లిదండ్రులు కూడా చదువుతారు. టీకా వేసిన కుక్క కరవదని వాళ్లు అనుకునేలా మనం రాయకూడదు. టీకా కాటును ఆపదు, కాటు వెంట వచ్చే జబ్బును ఆపుతుంది. ఈ తేడా విజ్ఞప్తిలో ఉండి తీరాలి. రంగు పూసిన కుక్కే కరిచింది కదా, ఏం కాదులే అని ఎవరైనా ఆస్పత్రికి వెళ్లకుండా ఊరుకుంటే? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆ పొరపాటు మన రాత వల్ల జరగకూడదు.

నేనైతే మధ్య పేరా ఇలా రాస్తాను. నీ మాటల్లోకి మార్చుకో.

"మా షెల్టర్ చుట్టుపక్కల మూడు కాలనీల్లో దాదాపు 300 వీధికుక్కలు ఉన్నాయి. వాటిలో కనీసం 210 కుక్కలకు రేబిస్ టీకా వేయడం మా లక్ష్యం. ఒక్కో కుక్కకు 350 రూపాయలు, మొత్తం 73,500. ఇందులో మందు ఖర్చు 10,800 మాత్రమే. మిగతాదంతా కుక్కల్ని జాగ్రత్తగా పట్టేవాళ్లకు, డాక్టరుకు, వ్యాన్‌కు, ఇతర సామగ్రికి. టీకా వేశాక కుక్కను పట్టిన చోటే వదిలేస్తాం. టీకా వల్ల కుక్క కరవడం మానదు, కానీ దాని కాటు వల్ల రేబిస్ సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఏ కుక్క కరిచినా గాయాన్ని పదిహేను నిమిషాల పాటు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోండి."

పట్టిన చోటే వదిలేస్తామన్న వాక్యం చాలామంది రాయరు, గొడవ అవుతుందని భయం. రాయకపోతేనే గొడవ. డబ్బిచ్చిన కాలనీ వాళ్లు మర్నాడు అదే కుక్కను అదే గేటు ముందు చూసి, మా డబ్బు తీసుకుని కుక్కల్ని తీసుకుపోలేదేమని అడుగుతారు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కూడా వీధికుక్కల్ని ఆపరేషన్, టీకా అయ్యాక తెచ్చిన చోటే వదలాలి. ముందే చెప్పేస్తే ఆ మాట మీద విరాళం వద్దనుకునేవాళ్లు ముందే వద్దనుకుంటారు. అదే మంచిది.

లక్ష్యం గురించి ఇంకో మాట. 210 అన్న అంకె చేరినా లక్ష్యం చేరకపోవచ్చు. అదెలాగంటే, టిఫిన్ సెంటర్ దగ్గర తిరిగే కుక్కలు, వాచ్‌మన్ అన్నం పెట్టే కుక్కలు పిలిస్తే వస్తాయి. చికెన్ షాపు వెనక సందులో ఉండేవి, పిల్లల్ని పెట్టుకుని గోడ వారన దాక్కున్న తల్లులు అంత సులువుగా దొరకవు. అంకె కోసం పరుగెత్తే టీము దొరికినవాటినే పట్టుకుంటూ పోయి, తక్కువ పడితే పక్క కాలనీకి వెళ్లి 210 పూర్తి చేస్తుంది. కాగితం మీద నిండుగా ఉంటుంది, ఆ చికెన్ షాపు సందులో మాత్రం ఒక్క కుక్కకూ రక్షణ ఉండదు. జబ్బు వస్తే అక్కడి నుంచే పాకుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఉంది. టీకా వేసిన కుక్క నుదుటి మీద రంగు పూస్తారు. అది కొద్ది రోజులే నిలుస్తుంది కాబట్టి ఆ సాయంత్రమో మర్నాడో ఇద్దరు వాలంటీర్లు కాలనీ అంతా నడిచి, రంగున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని రాసుకోవాలి. అరవై కుక్కలు కనబడి, వాటిలో 39కి రంగుంటే 65 శాతం. చాల్లేదన్నమాట. రంగు లేనివి ఏ సందులో ఎక్కువ కనిపించాయో టీము మళ్లీ అక్కడికే వెళ్లాలి. విరాళమిచ్చినవాళ్లకు చివర్లో పంపే లెక్క ఇదే కావాలి. ఎన్ని డోసులు వాడాం, ఏ కాలనీలో ఎంత శాతం కుక్కలకు రంగు కనిపించింది, ఎంత ఖర్చయింది. ఒక కాలనీలో 70 రాకపోతే రాలేదనే రాయండి.

డబ్బు సగమే వస్తే ఏం చేస్తారన్నది నీ విజ్ఞప్తిలో లేదు. మూడు కాలనీలకూ తలాకొంచెం పంచడం సరైన పని కాదు, ఎక్కడా 70 శాతం రాదు. ఒక కాలనీ పూర్తి చేసి రెండోదానికి వెళ్లాలి. ఒక్కో కాలనీలో వంద కుక్కలనుకుంటే 70 కుక్కలకు 24,500 చొప్పున పడుతుంది, పట్టేవాళ్ల టీకా ఖర్చు ముందే రావాలి కాబట్టి మొదటిదానికి ఇంకాస్త ఎక్కువ. ఏ కాలనీ ముందో, ఎందుకు ముందో షెల్టర్ వాళ్లు నిర్ణయించి చెప్పాలి. ఎక్కువ వస్తే వచ్చే ఏడాది బూస్టర్లకు దాచుతారా, పక్క కాలనీకి వెళతారా అన్నదీ అంతే.

పన్ను మినహాయింపు గురించి "అందరికీ వర్తిస్తుంది" అని రాశావు, అది మార్చు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఈ విరాళం మీద మినహాయింపు రాదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా నగదు రూపంలో 2,000 దాటి ఇస్తే రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపుదామనుకుంటున్నావు కదా, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర విరాళం తీసుకోవాలంటే షెల్టర్‌కు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే వాళ్లకు పంపకు.

ఫొటో విషయానికొస్తే, గాయాలతో పడున్న కుక్క ఫొటో తీసెయ్. ఈ డబ్బుతో దాని గాయానికి కట్టు కట్టరు, టీకాలు వేస్తారు. ఆ ఫొటో చూసి ఇచ్చినవాళ్లు దాని చికిత్సకే ఇచ్చామనుకుంటారు. టీకా వేస్తున్న ఫొటో ఒక్కటైనా షెల్టర్ వాళ్ల ఫోన్లలో ఉంటుంది, అడుగు.

రంగు లెక్కపెట్టడానికి ఎవరు నడుస్తారో, ఏ తేదీకి ఆ లెక్క అందరికీ పంపుతారో షెల్టర్ వాళ్లు నీకు పేర్లతో, తేదీతో చెప్పేదాకా ఆ వాగ్దానం విజ్ఞప్తిలో రాయకు. చెప్పాక తేదీతో సహా రాసి, కొత్త ప్రతి నాకు పంపు.

అక్క